బిల్లు భద్రం

మా ఆయనకు బిల్లులంటే ప్రాణం. కొన్న వస్తువు పోయినా ఫరవాలేదు, బిల్లు మాత్రం చొక్కా జేబులో ఉండాలి. అలాంటి మహానుభావుడి చేతికి ఆ సంచి ఇచ్చాను చూడండి, నన్ను అనాలి!

సంచిలో ఉన్నది అక్క కోసం కొన్న సెంటు సీసా. జబ్బుపడి లేచాక అక్కకు వాసనలు తెలియడం లేదు. అన్నం, సబ్బు, పూలు అన్నీ ఒకటే. పాత సీసా అడుగున మిగిలిన ఈ సెంటొక్కటే లీలగా తగులుతోందనీ, అదీ అయిపోయిందనీ ఫోన్లో ఏడ్చింది. దాని తయారీ ఎప్పుడో ఆపేశారు. అక్క దగ్గరికి బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీ కొట్లో ఆఖరి సీసా కనబడితే ఎగిరి గంతేశాను. కొట్లో అమ్మాయి దాన్ని లోపలిది కనిపించే సంచిలో పెట్టి, బిల్లు కూడా అందులోనే ఉంచి, సీలు వేసింది. మధ్యలో విమానం మారాలి కాబట్టి చివరిదాకా విప్పొద్దంది. ఆ ముక్క వినడానికి ఈయన అక్కడ లేరు, మంచినీళ్లకు వెళ్లారు. తర్వాత చెప్పాలని నాకూ తోచలేదు.

విమానం మారే చోట మళ్లీ తనిఖీ. అక్కడి అధికారిణి సంచిని తిప్పి చూసింది.

"ఇది విప్పారమ్మా."

"నేనా? లేదే!"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "బిల్లు లోపల ఉండిపోయిందని నేనే తీశానండి. ఇదిగో, భద్రంగా ఉంది." ఏదో ఘనకార్యం చేసినట్టు మడత విప్పి చూపించారు.

"బిల్లు సరే సార్. సీలు తెగాక లోపలున్నది అదేనని ఎవరు పూచీ? వంద మిల్లీలీటర్లు దాటిన సీసా పంపలేను."

"పెద్ద పెట్టెలో వేసేస్తాం," అన్నాను.

"మీ పెట్టెలు అటునుంచటే వెళ్లిపోయాయి కదమ్మా. మీ విమానం ఎక్కిస్తున్నారు కూడా."

"మీ చాదస్తం తగలెయ్య! అక్క మొహం ఎలా చూడను?" అని అందరి ముందూ అరిచేశాను. ఏడుపొచ్చేసింది. అధికారిణి సీసాను పక్కనున్న చెత్తడబ్బా వైపు జరిపింది.

"ఆగండమ్మా," అన్నారాయన. "బట్టల మీద కొట్టుకుంటే అభ్యంతరమా?"

"అది మీ ఇష్టం. అటు పక్కకెళ్లి, త్వరగా కానివ్వండి."

సెంటు గాలి సోకితే తుమ్ములాగని మనిషి, ఒంటి మీది స్వెట్టరు విప్పి నా ముందు పట్టుకున్నారు. "కొట్టు." వేలు నొప్పెట్టేదాకా కొట్టాను. సీసా డబ్బాలో పడింది. స్వెట్టరును ఆ చిరిగిన సంచిలోనే కుక్కి, మూతి బిగించి ముడేశారు. దారంతా దాన్ని ఒళ్లోంచి దించలేదు. చలికి వణుకుతూ తుమ్ముతూనే ఉన్నారు.

దిగిన చోట అక్క ఎదురొచ్చింది. ముడి విప్పి స్వెట్టరు చేతికిచ్చాను. ముఖం అందులో దాచుకుంది. ఎంతకీ తల ఎత్తదు.

"ఉందే," అంది చివరికి. "ఉంది." కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి మళ్లీ వాసన చూసింది.

"వదినా, ఇక సంచిలో పెట్టి ముడేసెయ్యండి," అన్నారు మా ఆయన తుమ్ముతూ. "అస్తమానం విప్పకూడదు."