తిన్నగా ఉన్న పిన్నులు

ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఓ చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో కలీముల్లా పదహారేళ్లుగా ఇన్‌స్పెక్టర్. ఎడమకన్ను మూసి, కుడికంటికి భూతద్దం బిగించి, సర్క్యూట్ బోర్డు మీది పిన్నులు చూడటమే పని. పిన్ను వంగితే ఎర్ర స్టిక్కర్. ఆయన అంటించిన స్టిక్కర్‌ను మేనేజర్ కూడా ప్రశ్నించడు. ఆ గీర ఆయనకు కాస్త ఎక్కువే.

ఆర్డరు తొందరలో నెలరోజులు డబుల్ షిఫ్టులు చేశాడు. కంటినిండా నిద్ర లేదు. అప్పుడే వసుధ బోర్డుల్లో వంకర పిన్నులు మొదలయ్యాయి. ఆయన బల్లకు వచ్చేవి ఆమె సోల్డరింగ్ చేసినవే.

"తిన్నగనే ఉన్నయి కదా, సార్," అందామె ఓసారి.

"కండ్లు పనిజేస్తలేవా నీకు? జెర డాక్టర్‌కు చూపించుకో," అన్నాడు, లైనంతా వినేలా. ఎవరో నవ్వారు. రెండు వారాలకు ఆమెను ప్యాకింగ్‌కు పంపేశారు.

ఓ ఉదయం స్నానం చేస్తుంటే సబ్బు నురుగు ఎడమకంట్లో పడింది. అది మూసుకుని గోడ వైపు చూశాడు. టైల్స్ మధ్య గీతలు నడిమిట్లో ఉబ్బి వంగాయి, అక్కడే బూడిదరంగు మచ్చ. ఎడమకన్ను తెరిస్తే అంతా మామూలే. కలీముల్లా మళ్లీ మూసి, మళ్లీ తెరిచి చూశాడు. వంకర పిన్నుల్లో లేదు, తన కుడికంట్లోనే ఉంది.

చిలకలగూడలో కంటి డాక్టరు హేమచంద్ర స్కాన్ తీసి చూపించాడు. "రెటీనా కింద నీరు చేరింది. మీ వయసులో, టెన్షన్ ఎక్కువున్నోళ్లకు వస్తుంటది. స్టెరాయిడ్లు ఏమన్న వాడుతున్నరా?"

"లేదు, సార్."

"మంచిది. నిద్రపోండి. మామూలుగా మూణ్నాలుగు నెలల్ల దానంతటదే ఇంకుతది. నెలకోసారి వచ్చి చూపించుకోండి. మల్ల రావచ్చు కూడా, పరేషాన్ పెట్టుకోకండి."

మర్నాడు లైను మధ్యలో నిలబడి చెప్పాడు: "వసుధ తప్పేం లేదు. నా కన్నే ఖరాబైంది." ఎర్ర స్టిక్కర్ బోర్డులన్నీ వేరే వాళ్లు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. అందరూ తలలు వంచుకుని ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. తిట్టినా బాగుండేదని సిగ్గుతో కుమిలిపోయాడు.

తనిఖీ మానేసి స్టోర్స్‌లో కూర్చున్నాడు. మేనేజర్ మళ్లీ లైనుకు రమ్మన్నా వసుధ ప్యాకింగ్‌లోనే ఉండిపోయింది. నాలుగో నెల స్కాన్‌లో నీరు లేదు. రంగులు కొంచెం వెలిసినట్టున్నా గీతలు తిన్నగా నిలిచాయి. నేరుగా ప్యాకింగ్‌కు వెళ్లాడు.

"మాఫ్ చెయ్యి, వసుధమ్మా. నా కంట్ల నీరు ఇంకింది, కన్ను నయమైంది. నీ బల్ల కాడికి రా."

ఆమె అట్టపెట్టెకు టేపు వేస్తూనే ఉంది.

"మీరు చెప్పినంక ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్న, సార్. బాగున్నయన్నరు. అయినా ఇప్పుడు ఏది చూసినా, ఇది తిన్నగుందా లేదా అని నాకే నమ్మకం లేదు. మీ కంట్ల నీళ్లు ఇంకినయి. నాదేం ఇంకాలె?"