రాజుగారు ఊదిన మైకు

భీమవరం శ్రీనివాసరాజు గారి మీద నాకున్న కోపం ఈ జన్మకి తీరేది కాదు. ఆయన నన్ను తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. నా మైకులో ఒకసారి ఊదారు, అంతే. ఊదిన సంగతి ఆయనకి గుర్తుండి కూడా ఉండదు.

నాది రాజమండ్రిలో మేడ మీద చిన్న రికార్డింగ్ స్టూడియో. ఎనిమిదో తరగతిలో చదువు మానేసి సౌండు సర్వీసు షాపులో చేరాను. పెళ్ళిళ్ళకీ జాతరలకీ మైకులు మోసి మోసి, చివరికి సొంతంగా పెట్టుకున్నాను. భజనలూ ఎన్నికల ప్రచారాలూ బట్టల కొట్ల ప్రకటనలూ, వాటితోనే నడిచేది. రెండువేల రెండులో రాజుగారు వచ్చారు. రొయ్యల చెరువుల్లో బాగా కలిసొచ్చిన మనిషి. వాళ్ళమ్మగారు అలివేలుమంగ గారికి ఎనభై నిండుతున్నాయి, వేడుకకి వచ్చినవాళ్ళందరికీ వేణువు సీడీ పంచాలి అన్నారు. నచ్చితేనే డబ్బు అని కూడా అన్నారు.

వాయించేది ఎవరో ఆయనే చెప్పారు. చంద్రరావు మాస్టారు. రైల్వేలో గార్డుగా చేసి నిడదవోలులో రిటైరైనాయన. నాగపూర్‌లో ఉండగా బాన్సురీ నేర్చుకున్నారు. మన వేణువు కంటే పొడుగు, గొంతు బాగా మంద్రం. ఆయన వాయిస్తే అమ్మగారికి ప్రాణమట. మాస్టారికి ఉబ్బసమన్న సంగతి మాత్రం రాజుగారు చెప్పలేదు.

మొదటిసారి నా దగ్గరున్న కండెన్సర్ మైకుతోనే ఒక రాగం పట్టాను. 'పక్కన కూర్చుని వాయిస్తున్నట్టు ఉండాలి' అని రాజుగారు అన్నారని మైకు దగ్గరగా పెట్టాను. ఊదే రంధ్రానికి ఎదురుగా పెడితే గాలంతా మైకు మీద పడుతుంది. అందుకని మాస్టారి నుదుటి కంటే పైన నిలబెట్టి, మైకు మొహం కిందికి, వేళ్ళ వైపు తిప్పాను. గాలి ముందుకి పోయింది, స్వరం పైకి వచ్చింది. కింది స్థాయి కమ్మగా ఉంది. పై షడ్జం దాటేసరికి మాత్రం చెవిలో సూది దిగినట్టు కీచుమంది. ఆ మైకు గుణమే అంత, పై చప్పుళ్ళని ఎత్తి చూపిస్తుంది. స్వరానికీ స్వరానికీ మధ్య మాస్టారు ఊపిరి పీల్చుకోవడం కూడా అలాగే ఎత్తి చూపించింది.

రాజుగారు విని మొహం చిట్లించారు. "ఏవండీ బుల్లబ్బాయి గారూ, మా అమ్మ ఇది వింటే ఎవరికో దమ్ము వచ్చిందని డాక్టరుకి కబురు పెడుతుందండి."

ఊపిరి ఉన్నచోటల్లా కంప్యూటర్లో కోసి చూశాను. పాట కుంటింది. ఊపిరితో పాటు స్వరం మొదలు కూడా తెగిపోయింది. కీచుతనం తగ్గిద్దామని పై చప్పుడు తగ్గిస్తే, వేణువు మీద బొంత కప్పినట్టయింది.

అప్పుడే చెన్నైలో మూసేస్తున్న ఒక స్టూడియోలో పాత రిబ్బన్ మైకు అమ్మకానికి ఉందని తెలిసింది. లోపల అయస్కాంతం మధ్య ఉల్లిపొర కంటే పల్చటి అల్యూమినియం రేకు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పై స్వరాలు దానికి తేనె రాసినట్టు వినిపిస్తాయి. చేతిలో డబ్బు లేదు. మా బావ చిట్టియ్య దగ్గర నాన్న ఇచ్చిపోయిన కొబ్బరితోట తాకట్టు పెట్టాను. ఉగాదిలోగా తీర్చకపోతే తోట తన పేర రిజిస్ట్రేషనే అన్నాడు. మా ఆవిడ రత్నమాణిక్యం రెండు రోజులు నాకు వడ్డించలేదు. మూడోరోజు మాత్రం, "ఆ మైకు అన్నం పెడుతుందేమో చూద్దాం" అంది.

వేడుక వారంలో ఉందనగా మాస్టారు పొద్దున్నే మొదటి రైలుకి వచ్చారు. ఆ వేళకైతే ఆయనకి ఆయాసం తక్కువ. ఫ్యాను ఆపేశాను. రత్నమాణిక్యం ఎంబ్రాయిడరీ చట్రానికి పల్చటి మేజోడు బిగించి, ఊదే గాలి రేకుకి తగలకుండా మైకుకి అడ్డం పెట్టాను. మైకు వెనకాల కూడా వింటుంది కాబట్టి అటువైపు బొంతలు వేలాడదీశాను.

"ఊపిరి తీసుకునేటప్పుడు మొహం గోడవైపు తిప్పండి మాస్టారూ" అన్నాను.

"గార్డు ఉద్యోగంలో జీవితమంతా వెనక్కి తిరిగి చూడ్డమే గదా బుల్లబ్బాయ్, అలవాటే" అన్నారు.

మొదటి రాగం పన్నెండు నిమిషాలు వాయించారు. ఒక్క చోట కూడా ఆపలేదు. పై స్వరంలో గట్టిగా ఊదకుండా పెదవి బిగించి, సన్నటి గాలితో పైకెళ్ళారు. హెడ్‌ఫోన్లో వింటూ ఉంటే నాకు కళ్ళు తడిశాయి. ఊపిరి అసలు వినపడలేదని కాదు. మనిషి పక్కనే ఉన్నాడని తెలిసేటంత వినపడింది. ఇంకా మూడు రాగాలు ఇలాగే వస్తే తోట నాదే.

మాస్టారు టీ తాగుతున్నారు, నేను చట్రం పక్కకి తీసి కొత్త మేజోడు బిగిస్తున్నాను. అప్పుడొచ్చారు రాజుగారు. వెనక నలుగురు బంధువులు, చేతిలో కొబ్బరికాయ.

"శుభమా అని మొదలెడుతున్నారు, కాయ కొట్టకుండా ఎలాగండి" అంటూ నేరుగా మైకు దగ్గరికి వెళ్ళారు. మా ప్రాంతంలో మైకు ముందు నిలబడ్డ ఏ పెద్దమనిషైనా చేసేదే ఆయనా చేశారు. మూతి దగ్గర పెట్టి, "ఫూ, ఫూ" అని ఊదారు. "హలో, హలో. పలకట్లేదేంటండీ ఇది?"

నేను లేచేలోపే అయిపోయింది. మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లో ధబ్ మని ఒక దెబ్బ. తర్వాత ఆయన గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు, అడుగున చిన్న గరగర. రేకు సాగిపోయి అయస్కాంతానికి ఆనుకుంది.

"రాజుగారూ, దాంట్లో ఊదకూడదండి" అన్నాను.

"ఊదితే పాడైపోయేది మైకెలా అవుతుందండీ? ఈయన పొద్దున్నించీ ఊదుతోంది దాంట్లోనే గదా?" బంధువులు నవ్వారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు, "కానివ్వండి, మేమూ వింటాం."

చెన్నైకి ఫోన్ చేశాను. కొత్త రేకు వెయ్యాలంటే ముంబై పంపాలి, నెలలు పడుతుందన్నాడు అమ్మినాయన. పాత కండెన్సర్ మళ్ళీ నిలబెట్టాను. ఇంకొంచెం దూరం జరిపితే గది మోత, రోడ్డు మీద లారీలు. దగ్గరికి తెస్తే ఊపిరి. అయిదుగురు మనుషులు కూర్చున్న గదిలో ఫ్యాను లేక ఉక్క. మధ్యాహ్నానికి మాస్టారి ఛాతీలోంచి ఈల మొదలైంది. పెదవి అలిసిపోయింది. పై స్వరం అందక బలంగా ఊదారు. అది మైకులో కత్తిలా వచ్చింది.

"ఆపేద్దాం మాస్టారూ" అన్నాను.

"ఎందుకాపాలి, నీ తోట సంగతి రత్నమాణిక్యం చెప్పింది నాకు" అని మళ్ళీ ఎత్తారు. మూడు రాగాలూ పూర్తి చేశారు. మెట్లు దిగుతూ మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు.

సీడీ విన్న రాజుగారు, మొదటిది బావుంది, మిగతావి బావులేదు, ఒక్కదానికి డబ్బెలా ఇవ్వనండి అన్నారు. చెన్నైలో ఎవరిచేతో కీబోర్డు మీద వేణువు గొంతు వాయించి తెప్పించారు. వేడుకలో అదే పంచారు. నన్ను భోజనానికి పిలిచి మరీ వినిపించారు. "చూశారా, ఆయాసమే లేదు" అన్నారు. అలివేలుమంగ గారు పక్క కుర్చీలో కూర్చుని, చంద్రరావు రాలేదేమిట్రా అని అడుగుతూనే ఉన్నారు. ఆయన ఆ రోజు నిడదవోలు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు. బయటికొచ్చాక బాన్సురీ మళ్ళీ ముట్టుకోలేదు. ఆ పన్నెండు నిమిషాలూ ఒక క్యాసెట్‌లోకి ఎక్కించి ఇస్తే, ఇంట్లో టేప్‌రికార్డరు లేదు బుల్లబ్బాయ్ అన్నారు.

ఉగాది వెళ్ళిన మర్నాడు చిట్టియ్య పాలకొల్లు రిజిస్ట్రారు ఆఫీసుకి రమ్మన్నాడు. సంతకం పెట్టేటప్పుడు, "నీకు మైకులెందుకు బావా" అన్నాడు. పోయింది నలభై ఒక్క సెంట్ల తోట.