హద్దు దాటి దిగిన పట్టీ

ఏబేలు నీళ్ళ ప్లాంటు మీద రాళ్ళు పడడం ఆ నెలలో అది రెండోసారి. మొదటిసారి కిటికీ అద్దం పోయింది. రెండోసారి అతని భార్య రూతమ్మ కనుబొమ చీలి కుట్లు పడ్డాయి. పెద్దారవీడు మండలంలో అదొక చిన్న ఊరు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ముసలివాళ్ళ నడుములు బిగుసుకుపోయాయి, పిల్లల కాళ్ళు వంకర్లు తిరిగాయి. ఏబేలు అప్పో సప్పో చేసి ఫిల్టరు ప్లాంటు పెట్టాడు. కొని తాగినా నొప్పులు తగ్గలేదని ఇప్పుడు ఊరు ఆ ప్లాంటునే అనుమానిస్తోంది.

"అల్లుడూ, ఆ బొమ్మల సినిమా నువ్వే గదా చేసేది? నా నీళ్ళు మంచియని టెస్టులో వచ్చినై. అది సక్రమంగా చూపించు. లేకపోతే ఈసారి నా తలకాయే" అన్నాడు ఏబేలు ఫోనులో.

రాజరత్నం ఏబేలు చెల్లెలి కొడుకు. మార్కాపురంలో గోవిందయ్య వీడియో స్టూడియోలో పనిచేస్తాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివింది అతనొక్కడే. రాష్ట్రం విడిపోయి రెండేళ్ళవుతోంది. కొత్త రాష్ట్రంలో నీళ్ళ గురించి అందరూ మాట్లాడుతున్న రోజుల్లో ఒంగోలు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ ఈ పని ఇచ్చింది. ఊళ్ళో నీళ్ళ పరీక్షల ఫలితాలను కదిలే బొమ్మలుగా చేసి, ఊరివాళ్ళకే వేసి చూపించాలి.

సంస్థ తరఫున వెంకటసుబ్బులమ్మ మేడం ఏ దృశ్యం ఎట్లా నడవాలో కాగితం మీద పెట్టి పంపింది. ఎడమవైపు బొమ్మల వెనక వినిపించే గొంతు చెప్పే మాట, కుడివైపు తెర మీద జరిగేది. ఒక్కో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎంతుందో చూపే నిలువు పట్టీ ఒక్కోటి కింది నుంచి పైకి లేవాలి. మొదట వేగంగా లేచి, చివరకు నిదానించి, అంకె దగ్గర మెత్తగా ఆగాలి. పూర్తిగా ఆగిన తరువాతే గొంతు అంకె చెప్పాలి. చెప్పాక చూసేవాళ్ళు చదువుకునేంతసేపు ఏదీ కదలకూడదు. అడుగున ఇంకో మాట గీత గీసి రాసింది. పట్టీ అంకెను దాటి పైకి పోయి మళ్ళీ దిగే ఊపు ఎక్కడా వద్దు.

ఆ ఒక్క మాటే రాజరత్నానికి రుచించలేదు. మెత్తగా ఆగే పట్టీలు చచ్చిన పాముల్లా ఉన్నాయనిపించింది. గోవిందయ్య కూడా వెనక నిలబడి చూసి పెదవి విరిచాడు.

"ఏందయ్యా ఇది, తద్దినం భోజనం మాదిరి? పెళ్ళి వీడియోలో పెళ్ళికూతురి పేరు ఎట్ల దూకుతాది? అట్ల దూకియ్యి. జనం విజిలెయ్యాల."

పెళ్ళి పేర్ల కోసం దాచుకున్న ఊపు ఒకటి రాజరత్నం దగ్గర తయారుగా ఉంది. దాన్ని అన్ని పట్టీలకూ తగిలించాడు. పట్టీ ఐదో వంతు ఎక్కువ లేచి, కిందికి జారి, అసలు అంకె దగ్గర నిలబడుతోంది. పక్కన తిరిగే అంకె పట్టీకే ముడిపడి ఉంది కాబట్టి అదీ పెరిగి తగ్గుతోంది. ప్రాణం వచ్చిందనుకున్నాడు. మేడంకు ఊపు లేని పాత కాపీయే పంపి ఒప్పించుకున్నాడు.

సినిమా వేసే రోజు పొద్దున మేడం ఫోను చేసి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల దగ్గర అడ్డంగా ఎర్రగీత పెట్టి, దాటితే ప్రమాదమని గొంతుతో చెప్పించమంది. అంతకు మించితే ఆ నీళ్ళు తాగరాదు. రాజరత్నం గీత, మాట రెండూ చేర్చి, తిరిగి చూసుకునే తీరిక లేక, అట్లాగే ల్యాప్‌టాప్ ఎత్తుకుని బస్సెక్కాడు.

బడి హాల్లో కిటికీలకు టార్పాలిన్ పట్టాలు కట్టి చీకటి చేశారు. మగవాళ్ళు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ముందు వరసలో గొర్రెల కాపరి ఆదెయ్య, కాళ్ళు వంగిన కూతురు రంగమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏబేలు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

పంచాయతీ బోరు పట్టీ లేచింది. నాలుగు పాయింట్ రెండు. జనం గుసగుసలాడారు. బడి బోరు పట్టీ లేచింది. మూడున్నర. తరువాత ఏబేలు ప్లాంటు.

అసలు అంకె ఒకటి పాయింట్ మూడు. పట్టీ ఊపు మీద లేచి ఎర్రగీతను దాటింది. పక్కన అంకె ఒకటి పాయింట్ ఆరు అయింది. సరిగ్గా అప్పుడే గొంతు, "ఎర్రగీత దాటితే ప్రమాదం" అంది. ఊపు వల్ల పట్టీ ఆగడం ఆలస్యమై, అది గీత పైన ఉండగానే ఆ మాటలు వచ్చిపడ్డాయి. మాట పూర్తయ్యాక, అందరి కళ్ళ ముందే, పట్టీ గీత కిందికి జారింది.

"దించినార్రా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. "పైకి పోయిందాన్ని దించినారు!"

"వాని మేనల్లుడే గదా చేసింది!"

రాజరత్నం సినిమా ఆపేలోపే ఏబేలును లోపలికి ఈడ్చారు. ఆదెయ్య కూతుర్ని పక్కన కూర్చోబెట్టి లేచాడు. అతని చేతికర్ర మొదటి దెబ్బ ఏబేలు భుజం మీద పడింది. రెండోది మోకాలి మీద. ఏబేలు నేల మీద పడి చేత్తో తల కప్పుకున్నాడు. ఎవడో బూటుకాలితో ఆ చేతిని తొక్కాడు. వేళ్ళు విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది.

"నా బిడ్డకు దుడ్లిచ్చి విషం కొని పోసినానురా!" అంటున్నాడు ఆదెయ్య. ప్రతి మాటకూ ఒక దెబ్బ. "నీ నీళ్ళు మంచియని నేనే ఊరంతా చెప్పినాను గదరా!"

అడ్డం పోయిన రాజరత్నాన్ని బల్ల మీదికి విసిరారు. చెవి తెగి మెడ మీదికి రక్తం కారింది. పడినచోటే ల్యాప్‌టాప్ ఉంది. అరిస్తే వినే చెవి అక్కడ లేదు. సినిమా వెనక్కి తిప్పాడు. పంచాయతీ బోరు పట్టీ మళ్ళీ లేచింది, స్పీకర్లు అదిరేలా గొంతు మోగింది.

"ఆదెయ్య పెద్దనాయనా, తెర చూడు! మీ పంచాయతీ బోరు! అంకె చూడు!"

అలవాటుగా కొందరు తలలు తిప్పారు. పట్టీ ఐదుకు పోయి నాలుగు పాయింట్ రెండుకు దిగింది. రాజరత్నం మళ్ళీ వేశాడు. మళ్ళీ ఐదు, మళ్ళీ దిగింది. బడి బోరు వేశాడు. అదీ ఎగిరి దిగింది.

"అన్నీ ఎగురుతున్నై! నేనే ఎగిరించినాను, చూసేదానికి బాగుంటదని. ఏదీ దించలా. ఇదిగో, టెస్టు కాగితంలో ఉండేది ఇదే!" ఊపు తీసేసి ప్లాంటు పట్టీ వేశాడు. అది లేచి, నిదానించి, ఎర్రగీత కింద ఆగింది. కదల్లేదు.

కర్ర ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఆదెయ్య తెరను చూశాడు, ఏబేలును చూశాడు, కూతురి కాళ్ళు చూశాడు.

"అట్లయితే ఎవర్ని కొట్టాలిరా నేను?" అన్నాడు. ఆదెయ్య గోడకేసి నుదురు కొట్టుకోసాగాడు. ముగ్గురు పట్టుకుంటే గానీ ఆగలేదు. సున్నం మీద రక్తం మరక పడింది. రంగమ్మ ఏడుస్తోంది.

ఏబేలు చెయ్యి తొక్కినవాడెవడో తేలలేదు. హాలు నిమిషాల్లో ఖాళీ అయింది.

మార్కాపురం ఆసుపత్రికి ఆటో మాట్లాడారు. రాజరత్నం ఏబేలును ఎత్తి కూర్చోబెట్టాడు. కబురందుకుని వచ్చిన రూతమ్మ భర్త కుడిచేతికి చీరకొంగు చుడుతోంది. వేళ్ళు ఒక్కోటి ఒక్కో దిక్కుకు ఉన్నాయి.

"ఎగిరియ్యొద్దని ముందే చెప్పలేదా ఎవరూ?" అడిగాడు ఏబేలు. గొంతులో కోపం లేదు.

"చెప్పినారు మామా. రాసి మరీ పంపినారు. నేనే..."

ఏబేలు ఎడమచేత్తో చాచి కొట్టాడు. సత్తువంతా ఆ దెబ్బలోనే పెట్టినట్టున్నాడు, వెనక్కి వాలిపోయాడు.

రాజరత్నం ఆటో ఎక్కబోయాడు. రూతమ్మ అతని గుండెల మీద చెయ్యిపెట్టి కిందికి తోసింది.

"పోనియ్యి బాబూ" అంది డ్రైవరుతో.