చిరునామా లేని శుభలేఖ

పెళ్ళిపిలుపు వీడియోలకు మాటలు రాసి, వాటిని నా గొంతుతోనే చదవడం నా వృత్తి. మండపేటలో మా ఇంటి మేడ మీద గదికి నాలుగు వైపులా పాత బొంతలు కట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. ఏడేళ్ళలో ఆరొందల పెళ్ళిళ్ళకు జనాన్ని పిలిచి ఉంటాను. నాకు నోరెక్కువని మా అత్తగారు అంటారు. ఆ నోటితోనే తింటున్నాం కదా అని నేనంటాను.

సీతారామరాజుగారు భీమవరం దగ్గర రొయ్యల చెరువుల రైతు. చిన్నకూతురు మంజుష పెళ్ళి వీడియో కోసం భార్య రత్నమాణిక్యంగారినీ, కూతురినీ వెంటబెట్టుకుని వచ్చారు. మండపేట ఆవిడ పుట్టిల్లు. మామూలుగా చెప్పే లెక్కే వాళ్ళకూ చెప్పాను. వీడియో నిలువుగా ఉండాలి, వాట్సాప్ స్టేటస్‌లో ముక్కలు కాకుండా నిమిషం లోపే అయిపోవాలి. నిమిషంలో నేను హాయిగా చదవగలిగేది వంద మాటలు. మొదట వినాయకుడి శ్లోకం, తర్వాత పిలిచేవాళ్ళ పేర్లు, పాతిక సెకన్లలో అమ్మాయీ అబ్బాయీ కథ, ఆపైన తిథి, వారం, లగ్నం, వేదిక, మ్యాపు, విందు. చివరి రెండు సెకన్లు నా స్టూడియో పేరు, ఫోన్ నంబరు. ముహూర్తాన్ని అంకెల్లో పెట్టుకోను. చదివేటప్పుడు నాలుక తడబడకుండా 'తొమ్మిది గంటల నలభై ఎనిమిది నిమిషాలకు' అని అక్షరాల్లోనే రాసుకుంటాను.

రాజుగారు ఉత్సాహంగా వివరాలు చెప్పారు. ఫాల్గుణ శుద్ధ పంచమి, ఆదివారం ఉదయం తొమ్మిదీ నలభై ఎనిమిది, మేష లగ్నం. పెళ్ళికొడుకు వెంకటేష్ వాళ్ళ మొక్కు ప్రకారం కోరుకొండలో నరసింహస్వామి సన్నిధిని పెళ్ళి. ఆ పిల్లలు మొదట మాట్లాడుకున్నదీ ఆ కొండ మెట్ల మీదేనట. అతను ఆయాసపడి మూడోసారి ఆగితే, మంజుష తన మంచినీళ్ళ సీసా ఇచ్చిందట. ఇలాంటి కథ దొరికితే నాకు పండగే.

పెద్దవాళ్ళు కిందకి దిగాక మంజుష ఆగిపోయింది.

"అక్కా, వీడియోలో ఊరి పేరు పెట్టకండి. మ్యాపు కూడా వద్దండి."

"పిలుపులో ఊరు లేకపోతే జనం ఎక్కడికొస్తారండి?" అన్నాను నవ్వుతూ.

ఆ అమ్మాయి నవ్వలేదు. పాత ఆఫీసులో పనిచేసిన ఒకడు మూడేళ్ళుగా వెంటపడుతున్నాడట. రెండు సిమ్ములు మార్చింది, ఊరు మారింది. పోలీసుల దగ్గర ఇక జోలికి రానని కాగితం రాసిచ్చి కూడా, ఆ వారంలోనే వాళ్ళ అక్క ఇంటి ముందు నిలబడ్డాడట. 'నేను లేకుండా నీ పెళ్ళి జరగదు' అని వాడు పంపిన మెసేజు నాకు చూపించింది.  

"ఈ వీడియో ఒకరికి పంపితే నలభై మంది స్టేటస్సుల్లోకి వెళ్తుందండి. నాన్నగారికి చెబితే పరువంటారు. మీరు చెప్పండి."

చెప్పాను. రాజుగారి మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. చివరికి రత్నమాణిక్యంగారు తేల్చారు. "గుమ్మం గుమ్మానికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తామండి. దూరపువాళ్ళకి ఫోను చేసి చెప్తాం. మా అత్తగారి కాలంలో వీడియోలు ఉన్నాయా ఏంటి?"

అలా వేదిక పోయింది, మ్యాపు పోయింది. ఆ చోట 'వేదిక వివరాలు మా ఇంటివారే స్వయంగా మీకు విన్నవిస్తారు' అని రాశాను. ఆ ఖాళీ అయిన ఎనిమిది సెకన్లూ కథకి ఇచ్చుకున్నాను. కొండ బొమ్మ, మెట్ల మీద ఇద్దరి బొమ్మలు. చివర ఈ ముక్క: 'ఏ మెట్ల మీద మాట కలిసిందో, ఆ మెట్ల చెంతనే మనువు కలుస్తోంది.'  రత్నమాణిక్యంగారు విని కళ్ళొత్తుకున్నారు. రాజుగారు రెండుసార్లు పెట్టించుకున్నారు. మంజుష వివరాల భాగం మాత్రం మూడుసార్లు విని, ఊరు లేదని నిర్ధారించుకుని సరేనంది. ఊరు దాచేశామనుకుని, అందరం తలుపుకి గడియపెట్టి కిటికీ తెరిచి ఉంచాం. తెరిచింది నేను.

పెళ్ళికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనం చేస్తుంటే ఫోను మోగింది. చాలా మర్యాదైన గొంతు.

"వెంకటేష్ ఫ్రెండునండి. వీడియో చివర మీ నంబరుంటే చేశాను. పెళ్ళి కొండ మీదాండి, కింద మండపంలోనా?"

"ఏ కొండండి?" అన్నాను.

"మెట్ల చెంతనే అని మీరే చెప్పారు కదండి. బొమ్మలో ఆ నిట్టనిలువు మెట్లు కోరుకొండవే కదా."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.  అతను నెమ్మదిగా అన్నాడు. "బొమ్మ బాగా వేయించారు. మంజుష కుడి మోచేతి దగ్గర కాలిన మచ్చ ఉంటుందండి. అది మర్చిపోయారేంటి?"

ఫోను పెట్టేశాను. చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి ఎంగిలి చేత్తోనే కూర్చున్నాను. పారిపోవాలనిపించింది, నిజం. వీడియో పాడైందని ఇంకేదో సాకు చెప్పి తప్పించుకోవచ్చా అని కూడా ఆలోచించాను. కానీ ఊరు చెప్పొద్దని ఆ పిల్ల నన్ను నమ్మి అడిగింది. ఒక్క అందమైన వాక్యం కోసం నేనే చెప్పేశాను.

రాజుగారికి ఫోను చేసి, తప్పు నాదేనని చెప్పాను. 'వియ్యాలవారితో మాట్లాడతానండి' అని మాత్రం అని ఆయన ఫోను పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. ముహూర్తం కదలదు, కదిలేది చోటే. మొక్కు సంగతి వెంకటేష్ తల్లిగారే తేల్చేశారట. "స్వామికి నెల తర్వాత కల్యాణం చేయించుకుంటాం. పిల్ల క్షేమం కంటే మొక్కు ఎక్కువేం కాదండి." మండపేటలో రత్నమాణిక్యంగారి తమ్ముడి రైసు మిల్లు ఉంది. ధాన్యం ఆరబెట్టే సిమెంటు గచ్చు మీద పందిరి వేయాలనుకున్నారు. చుట్టూ ఎత్తు గోడ, ఒకే గేటు. బొట్టు పెట్టినవాళ్ళందరికీ రాజుగారింటి ఆడవాళ్ళు మళ్ళీ ఫోన్లు చేశారు. ఎవరి స్టేటస్‌లోనూ పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నారు. వీడియోలో ఊరు లేదు కాబట్టి దాన్ని మార్చనక్కర లేకపోయింది. వాడికి అనుమానం రాకూడదని దాన్ని అలాగే తిరగనిచ్చారు.

ఆ మూడు రోజులూ ఫోను మోగితే చాలు, ముందు నంబరు చూసి గాని ఎత్తేదాన్ని కాదు. నాలుగు వందల మందికి తెలిసిన మాట. అందులో ఒక్కరు నోరు జారినా చాలు.

ఆదివారం పొద్దున్న మిల్లు గేటు దగ్గర రాజుగారు స్వయంగా నిలబడ్డారు. పక్కన మఫ్టీలో ఒక కానిస్టేబులు. వచ్చిన ప్రతి మగవాడి మొహం నేనూ చూశాను. వాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. అందుకే అందరూ వాడిలాగే కనిపించారు. ఊక వాసనలో, లారీల పక్కన, మంజుష బుట్టలో కూర్చుని వచ్చింది. మేనమామ ఆ బుట్టని గట్టిగా పట్టుకున్నాడు.

తొమ్మిదీ నలభైకి నా ఫోనుకి ఫోటో వచ్చింది. కోరుకొండ మెట్లు. ఎండలో ఖాళీగా ఉన్నాయి. కింద మెసేజు: 'మీ లైను చాలా బాగుందండి. పెళ్ళివాళ్ళు ఒక్కరూ కనిపించరేంటి?'

 గేటు దగ్గరికి వెళ్ళి కానిస్టేబులుకి చూపించాను. అతను చదివి, నంబరు రాసుకుని, ఫోను చేస్తూ గేటు బయటికి నడిచాడు. కోరుకొండ నుంచి ఇక్కడికి గంటన్నర దారి, ముహూర్తానికి ఎనిమిది నిమిషాలు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా నాకు భయం తగ్గలేదు.

జీలకర్ర బెల్లం పెడుతుంటే భజంత్రీలు జోరందుకున్నాయి. మంజుష తలెత్తి జనంలో నన్ను వెతుక్కుంది. ఏమైనా కబురుందా అని ఆ కళ్ళు అడుగుతున్నాయి. నేను ఫోను పమిట చాటున దాచి, ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల నమ్మి తల దించుకుంది. నేను అక్షింతలు విసిరాను. సగం నా కాళ్ళ దగ్గరే పడ్డాయి.