ఫ్రిజ్ మోత వెనక అన్నయ్య

అన్నయ్య గొంతు బాగుచేసి ఇస్తానని వదినకి మాటిచ్చేటప్పుడు చిట్టికి ఏ బెంగా లేదు. పుస్తకాలు చదివించి రికార్డు చేసే స్టూడియోలో తలపండిన మనిషి. ఫ్యాను రొద, ట్యూబులైటు గీమనే చప్పుడు, పక్కింటి మిక్సీ, ఎన్నింటిని గొంతుల వెనకనుంచి లాగి పారేసిందో లెక్కలేదు. యాభై దాటినా ఇంటా బయటా ఆమె పేరు చిట్టే. ఆ పేరు పెట్టినవాడు అన్నయ్య.

ఆ రికార్డింగులో గొప్ప విషయమేమీ లేదు. ఆపరేషనుకు వెళ్ళే ముందు రోజు అన్నయ్య వంటింట్లో ఫ్రిజ్ పక్కన కుర్చీ వేసుకుని, చిన్న రికార్డరులో వదినకి జాగ్రత్తలు చెప్పాడు. గ్యాసు ఎలా మార్చాలి, కరెంటు పోతే ఏ స్విచ్ పైకి లేపాలి, ఎవరికి ఫోను చెయ్యాలి. "మోటారు స్విచ్ ఒకసారి నొక్కితే తిరగదు, రెండుసార్లు నొక్కాలి. మొదటిసారికి అలుగుతుంది, మన చిట్టిలాగే" అని నవ్వాడు. ఆసుపత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు.

ఆ వారం చిట్టి నిజంగానే అలిగి ఉంది. చూడటానికి రమ్మని ఆయన రెండుసార్లు ఫోను చేస్తే, ఆదివారం వస్తానంది. ఆదివారం దాకా ఆయన ఆగలేదు.

ఇప్పుడు వదినకి చెవులు మందగించాయి. చెవి మిషన్ పెట్టుకుంటే అన్నయ్య గొంతుతోపాటు ఫ్రిజ్ మోతా పెద్దదై, మాట ఆ మోతలో మునిగిపోతోంది. అందుకే రికార్డరు పట్టుకొచ్చి చిట్టి చేతిలో పెట్టింది. చిట్టి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుని, అలవాటు ప్రకారం ముందూ వెనకా ఉన్న ఖాళీ కత్తిరించేసింది. స్టూడియోలో ప్రతి రికార్డింగుకూ మొదట చేసే పని అదే. "నా దగ్గర భద్రంగా ఉంది వదినా, రికార్డరు ఖాళీ చేసి వాడుకో" అని కూడా చెప్పింది.

వారం తర్వాత వదిన స్టూడియోకి వచ్చింది. చిట్టి హెడ్‌ఫోన్లు ఇచ్చి, ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చుంది. వదిన కాసేపు విని, వాటిని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎలా ఉంది?"

"మోత పోయింది."

"అదే కదా నువ్వడిగింది."

"మీ అన్నయ్య కూడా పోయాడే అమ్మా. బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నట్టుంది. ఆయన నవ్వు చూడు, బుడగలు వస్తున్నాయి."

చిట్టికి కోపం రాలేదు. తనకీ ఆ అనుమానం ఉంది, కానీ పైకి ఒప్పుకోలేదు. మోత పోగొట్టాలంటే ముందు ఉత్త మోత ఎలా ఉంటుందో కంప్యూటరుకు వినిపించాలి. ఆ నమూనా పట్టుకుని అది మిగతా అంతటా మోతను తగ్గిస్తుంది. ఉత్త మోత ఉండేది మాటకు ముందూ వెనకా. ఆ రెండూ కత్తిరించేసింది. మధ్యలో వెతికితే, ఊపిరి పీల్చుకోవడానికి తప్ప ఆగే మనిషా అన్నయ్య? ఆ ఊపిరి ఉన్న ముక్కనే నమూనాగా ఇచ్చింది. అది ఊపిరినీ మోతగానే లెక్కేసి, గొంతులో ఊపిరిలా పలికే సన్నని భాగాలన్నీ కొరికేసింది. పైగా ఒక్క చుక్క మోత కూడా మిగలకూడదని, దాన్ని తగ్గించే మీట చివరిదాకా జరిపింది. తెగీ తెగని తుంపులు బుడబుడమంటూ మిగిలాయి.

"శుభ్రం చెయ్యకముందుది దాచాను. మళ్ళీ చేస్తాను" అంది.

"చెయ్యి. అవునుగానీ, చివర్న ఆయన లేచి వెళ్ళేది ఏదీ?"

"ఏం వెళ్ళేది?"

"అంతా చెప్పేశాక ఆపడం మర్చిపోయాడుగా. కాసేపు ఊరికే కూర్చుంటాడు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. చెప్పులు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చాడు, అప్పుడు నేను పెరట్లో ఉన్నా. మాటలు వినపడకపోయినా ఆ చెప్పుల చప్పుడు నాకు వినపడేది."

చిట్టి దాచింది కత్తిరించిన తర్వాతదే. మాటలు అయిపోగానే చెయ్యి దానంతటదే కత్తిరించేసింది. తర్వాత ఏముందో విననైనా లేదు.

"వదినా, రికార్డరులో..."

"నువ్వు చెప్పావుగా చెరిపెయ్యమని. చెరిపేసి సరుకులు అవీ చెప్పుకుంటున్నా. రోజూ నా గోల నిండుతోంది."

చిట్టి ఆ సాయంత్రమే వదిన దగ్గరున్న రికార్డరును మరమ్మతులవాడి దగ్గరికి తీసుకెళ్ళింది. పాతదాని మీద కొత్తది ఎక్కేసిందమ్మా, ఏమీ రాదు అన్నాడతను. ఆ మాట ఆమెకు ముందే తెలుసు. తెలిసీ వెళ్ళింది.

మర్నాడు రికార్డరు తీసుకుని వదిన ఇంటికి బయలుదేరింది. మోత ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్ళాలి. రికార్డరు అదే, ఫ్రిజ్ అదే. అన్నయ్య పెట్టిన చోటే పెట్టి ఉత్త మోతను పట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

"ఇక్కడే పెట్టాడా?"

"ఆ, అదిగో, ఉప్పు డబ్బా పక్కన."

తీరా చూస్తే ఫ్రిజ్ మోగడం లేదు. చల్లబడి ఊరుకుంది.

"మీ వంశమే అంత" అంది వదిన. "కావాల్సినప్పుడు నోరు విప్పరు." ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, కొంగుతో విసురుతూ నిలబడింది. కాసేపటికి లోపల ఏదో గుటక వేసినట్టయి, మోత మొదలైంది. తలుపు మూసి, గోడకి ఆనుకుని నించుంది.

చిట్టి అన్నయ్య కుర్చీలో కూర్చుని మీట నొక్కింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఇన్నేళ్ళలో ఈ వంటింట్లో వాళ్ళిద్దరూ మాట్లాడకుండా ఉన్నది ఇదే మొదలు. ఆ గరగరలో చిట్టి అన్నయ్యను వెతుక్కుంది. అన్నీ చెప్పేశాక ఆయన ఇలాగే కూర్చున్నాడు. దేనికోసం? ఇంకేదైనా చెప్పాలనుకుని మానేశాడేమో. తన పేరేమైనా తలుచుకున్నాడేమో. వినే వీలున్న రోజున తను వినలేదు.

ఈసారి తొందరపడలేదు. ముందు ఫ్రిజ్ బొంయిమనే చోట్ల, యాభై, నూరు, నూటయాభై హెర్ట్జ్‌ల దగ్గర, ఆ ఒక్క స్వరమే తెగేలా సన్నని గాట్లు పెట్టింది. తర్వాత వంటింటి నమూనా ఇచ్చి, బుస్సుమనే రొదను కొంచెమే తగ్గించింది. తీసేసింది మాత్రమే వినిపించే మీట నొక్కి చెవి పెట్టింది. ఆ చెత్తలో అన్నయ్య గొంతు లీలగా వినబడితే మీట వెనక్కి జరిపింది. చెత్తలో ఉత్త రొద మాత్రమే మిగిలేదాకా అలా జరుపుతూనే ఉంది.

పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి వదిన ఇంటికి పట్టుకెళ్ళింది. వదిన మిషన్ సర్దుకుని వింది. గ్యాసు, స్విచ్, ఫోను, మోటారు. అలిగే చిట్టి దగ్గర ఆమె పెదవులు కదిలాయి.

"ఇదిగో, ఈయనే" అంది. "వెనక కొంచెం మోత ఉందిలే."

"అదీ తీస్తే ఆయన పోతాడు వదినా."

"ఉండనీ. ఆయనెప్పుడు నిశ్శబ్దంగా ఉన్నాడు కనుక."

చివరి మాట అయింది. రికార్డింగు టక్కున తెగింది. వదిన చెయ్యి చెవి దగ్గరే ఉండిపోయింది, ఇంకా ఏదో వస్తుందన్నట్టు.

నిన్నంతా చిట్టి ఒక పని చేద్దామా మానుదామా అని కొట్టుకుంది. వంటింట్లో పట్టిన మోతను చివర అతికించవచ్చు. ఒక కుర్చీ చప్పుడు, ఒక చెప్పుల చప్పుడు కలపవచ్చు. వదిన గుర్తుపట్టకపోవచ్చు కూడా. చెయ్యి ఆడలేదు.

"చెప్పులు నేను పారేశాను వదినా" అంది. "విననైనా వినకుండా."

వదిన మిషన్ తీసి చేతిలో పెట్టుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇంకోసారి పెట్టు" అంది, మిషన్ మళ్ళీ చెవిలో పెట్టుకుని. "చివర్లో మాత్రం ముందే ఆపెయ్. అలా తెగిపోతే నాకు అదోలా ఉంది."

చిట్టి మళ్ళీ పెట్టింది. మోటారు దగ్గర అన్నయ్య నవ్వాడు. ఆఖరి మాట వస్తుండగా ఆమె వేలు మీట మీదకి వెళ్ళింది, నొక్కలేక అక్కడే ఆగింది.