కుట్టేసిన సంచి

దారం కొసకు కట్టిన అయస్కాంతం ముక్కను నేల మీద ఈడుస్తూ ఆమె గుండుసూదులు ఏరుతోంది. మిషను కుట్టడం మానేసినా ఈ పని మాత్రం మానలేదు. చేత్తో కుట్టినా సూదులు రాలతాయి. మామగారు చెప్పుల్లేకుండా తిరిగే మనిషి.

గోడ పక్కన కుట్టుమిషను పాత దుప్పటి కప్పుకుని ఉంది. కొత్తదే. కొన్న వారానికే మోటారు బాగా వేడెక్కి, మాడిన వాసన కొట్టి, ఆగిపోయింది. షాపు మెకానిక్ మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక మరను బిగించి, చీటీ మీద ‘మోటారు వేడెక్కుతోంది, సరిచేశాం’ అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. అతను సందు దాటేలోపే మిషను మళ్లీ మూలనపడేది. షాపుకి వెళ్తే కంపెనీని అడగమన్నారు, కంపెనీకి ఫోను చేస్తే షాపునే అడగమన్నారు. ఈలోగా బడి యూనిఫారాల పని ఎదురింటి టైలరుకు పోయింది.

పక్క వీధి టీచరు సాయంత్రాలు గ్రంథాలయంలో వినియోగదారుల చట్టం మీద చిన్న కోర్సు చెబుతుంది. ఆ టీచరు మాట మీదే ఆమె షాపు మీదా కంపెనీ మీదా కలిపి వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు చేసింది. వకీలు లేకుండా తానే రాసుకుంది. మిషనును చూడటానికి కమిషన్ తరఫున నిపుణుడు రేపు ఇంటికి వస్తాడు. అంతదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

"చెల్లెమ్మా, ఉన్నావా?" అంటూ షాపు యజమాని గుమ్మంలోకి వచ్చాడు. పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మనలో మనకి కోర్టులెందుకమ్మా? కొత్త మోటారు వేయిస్తా. ఇదిగో, తృప్తిగా ఉందని ఇక్కడో సంతకం చెయ్యి."

"సంతకం ముందా, మోటారు ముందా?"

"రెండూ ఒకటేగా."

"మీకు ఒకటే. నాకు కాదు. అప్పుడు ఫోను ఎత్తలేదు. ఇప్పుడు చెల్లెమ్మనయ్యానా? ఏ రాజీ అయినా కమిషన్ ముందే."

అతను నవ్వాడు. "నువ్వు దాంతో డబ్బు సంపాదిస్తున్నావు. వ్యాపారమే కదా. వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారు. కమిషన్‌కు ఇచ్చిన జవాబులో మా వకీలు అదే రాశాడు. పైగా బిల్లు మీద చూడు, అమ్మిన సరుకు వాపసు లేదని అచ్చేసి ఉంది."

"పొట్టకూటికి సొంతంగా పని చేసుకునేవాళ్లు కొన్నది ఆ లెక్కలోకి రాదు. నేను నలుగురు పనివాళ్లని పెట్టుకుని సేట్‌నయ్యానా? చచ్చిన మిషను అమ్మి వాపసు లేదని అచ్చేస్తే చట్టం చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చోదు."

తన నోట ఇంత మాట రావడం ఆమెకే కొత్త.

యజమాని లేచాడు. వెళ్తూ వెళ్తూ వసారాలో కూర్చున్న మామగారి వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరు మిషన్ల డాక్టరని ఊరంతా అంటారు. ఇంట్లో ఇంత చిన్న జబ్బు మీకే అంతుపట్టలేదా? అయితే లోపం మిషనులో కాదు, తొక్కడంలోనే ఉంది."

మామగారు జన్మంతా పంపులు, ఫ్యాన్లు, రేడియోలు విప్పి బిగించిన మనిషి. ఆయన ఎదురుగా ఒక వస్తువు పలకకుండా ఉంటే ఆయనకు ముద్ద దిగదు. ఆమె కేసు వేస్తానన్నప్పుడు కూడా ఆయనది ఒకటే మాట: "మన ఇంట్లో ఎవరూ కోర్టు మెట్లెక్కలేదమ్మాయ్. నాకివ్వు, చూస్తాను." ఆమె ఇవ్వలేదు. దుప్పటి కప్పి, ముట్టుకోవద్దని నాలుగైదుసార్లు చెప్పింది.

మధ్యాహ్నం అంచులు కుట్టిన పరదాలు ఇవ్వడానికి వెళ్లింది. తిరిగి సందు మలుపు దగ్గరకు వచ్చేసరికి మిషను చప్పుడు వినిపించింది. ఎదురింటిదనుకుంది. కాదు. తన ఇంట్లోంచే.

లోపల మామగారు మిషను ముందు కూర్చుని పాత గుడ్డపీలిక మీద కుట్టు వేస్తున్నారు. ముఖం వెలిగిపోతోంది. "చూశావా, గుర్రంలా పోతోంది. నా పెట్టెలో పాత మోటారు ఒకటుంటే బిగించాను. వాడికి చెప్పు, ఎవరికి అంతుపట్టలేదో."

కింద నేల మీద మిషను అసలు మోటారు విప్పి ఉంది. షాపు వాళ్లు అంటించిన సీలు నిలువునా చినిగింది. లోపలి తీగచుట్ట బొగ్గులా ఉంది.

ఆమె చేతిలోంచి ఖాళీ సంచి జారిపోయింది. "ఏం చేశారు మామయ్యా? రేపు ఆ నిపుణుడు వచ్చి ఏం చూడాలి? మీరే మాడ్చారంటాడు ఆ షాపువాడు. అందుకే వచ్చాడు. మీరు ఊరుకోలేరని తెలిసే ఆ మాట అని పోయాడు."

పెద్దాయన కాలు తొక్కుడు పీట మీదే ఆగిపోయింది. వేళ్లకు అంటిన నల్లమసిని పంచెకు తుడుచుకున్నారు. అది పోలేదు.

ఆమె టీచరును పిలుచుకొచ్చింది. టీచరు మోటారును తాకకుండా వంగి చూసింది. "దాచొద్దు. మళ్లీ ఈ మాడిన మోటారునే బిగించి ఏం జరగనట్టు కూర్చుంటే అది అబద్ధం, అప్పుడు కేసంతా పోతుంది. విప్పిందెవరో, ఎప్పుడో, ఎందుకో ఉన్నదున్నట్టు ఈ రోజే కమిషన్‌కు రాసివ్వాలి. ఈ మోటారునూ అక్కడే అప్పగించాలి. కాపీ అవతలివాళ్లకు కూడా."

"ఇక ఏం మిగిలింది టీచరుగారూ?"

"సీలు చినగడం మనకు దెబ్బే, కాదనను. వారంటీ పోయిందని వాళ్లు అంటారు. కానీ మోటారు వేడెక్కుతోందని వాళ్ల మెకానిక్ రాసిన చీటీలున్నాయిగా? అవి దీనికి ముందువి. మూడుసార్లు వచ్చి బాగుచేయకపోవడం సేవలో లోపం. దానికి సీలుతో పని లేదు. మిషను మార్చమంటారో, డబ్బు వెనక్కిమ్మంటారో, నష్టపరిహారం వేస్తారో కమిషన్ చూసుకుంటుంది. గెలుస్తావని మాత్రం చెప్పలేను. అయితే, విప్పిన మనిషే వెళ్లి, తానే విప్పానని ప్రమాణపత్రం ఇవ్వాలి. నువ్వు చూడలేదు కాబట్టి నువ్విస్తే చెల్లదు."

ఆ మాట ఎవరి మీద వాలిందో ముగ్గురికీ తెలుసు. ఆమె మామగారి వైపు చూడలేదు. చూస్తే కోపం వస్తుందో, జాలి వస్తుందో ఆమెకే తెలియలేదు. నిజానికి కోపం రావాల్సింది ఈయన మీద కాదు. తప్పుడు సరుకు అంటగట్టి, మూడుసార్లు ఊరడించి, చివరికి ఇంటి పెద్దమనిషి చేతినే ఆయుధంగా వాడుకున్న ఆ నవ్వుముఖం మీద.

మోటారును, చినిగిన సీలును, ప్రతి మరనూ గుడ్డ సంచిలో వేసింది. ఎవరూ మార్చలేదని తెలియడానికి మూతిని చేత్తోనే కుట్టడం మొదలుపెట్టింది. దగ్గర దగ్గరగా, గట్టిగా. టీచరు కుట్టు మీద అడ్డంగా సంతకం చేసింది.

ఆమె దారం తెంపి తలెత్తేసరికి మామగారు ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నారు. బొత్తాం ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నారు. మూలనున్న చెప్పుల్లో కాళ్లు దూర్చారు. సంచి అందుకుని చంకలో పెట్టుకున్నారు. కమిషన్ కార్యాలయం వైపు వెళ్లే రోడ్డు కుడి పక్కన. ఆయన వెనక్కి తిరగకుండా గుమ్మం దాటి కుడి పక్కకే మళ్లారు.