ఇరవై ఆరో రోల్

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం. మోకాళ్లకు నూనె రాసుకుంటూ నాన్న, ఫోన్ చేతిలో పట్టుకుని బాబాయి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పిన్ని, ఆమె పక్కన ఊరికే తప్పులు వెతుకుతూ నానమ్మ. ఐదోదాన్ని నేను. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. నేను ఎక్కువగా అక్కడే నిలబడతాను. వచ్చినవాళ్లు నన్ను దాటుకుని వెళ్లిపోతారు, నాకూ అదే హాయి.

మా ఇంట్లో అందరిదీ తివాచీల పని. ఆఫీసులకు, పెళ్లి హాళ్లకు నాన్న, బాబాయి కలిసి పరుస్తారు. ఈసారి మొదటిసారిగా ఫుట్‌బాల్ మైదానం వచ్చింది. అది మా బడి మైదానమే. పరిచేది ప్లాస్టిక్ పచ్చిక. చుట్టూ వదిలే అంచుతో కలిపి నూరు మీటర్ల పొడవు. రోల్ వెడల్పు నాలుగు మీటర్లు. ఒక్కో రోల్‌నూ మైదానానికి అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకు విప్పుకుంటూ పోవాలి.

బాబాయి లెక్క చిటికెలో అయిపోయింది. "నూరుని నాలుగుతో భాగిస్తే ఇరవై ఐదు. ఫ్యాక్టరీ వాడు ఫోన్ చేస్తే చెప్పేస్తాను, ఇవాళే రంగు కలుపుతాడట."

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఇరవై ఐదు చాలవు బాబాయ్."

నానమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓసి, దీనికి మాటలొచ్చే!"

"ఎందుకు చాలవో సెలవియ్యండి అమ్మగారూ," అన్నాడు బాబాయి.

"అతుకు దగ్గర ఒకదాని అంచు మీద ఇంకోటి పది సెంటీమీటర్లు ఎక్కించాలి కదా. ఇరవై ఐదు అతుకులకి రెండున్నర మీటర్లు పోతుంది."

"ఇరవై ఐదు రోల్స్‌కి ఇరవై ఐదు అతుకులా?" బాబాయి పగలబడి నవ్వాడు. "చివరిదాన్ని గోడకి అతికిస్తావా అమ్మడూ?"

చెవులు కాలిపోయాయి. నిజమే, ఇరవై నాలుగే. మామూలుగా అయితే అక్కడే వంటింట్లోకి జారుకునేదాన్ని. కాళ్లు వెనక్కి జరిగాయి కూడా. కానీ నేను మా బడి జట్టులో గోల్ కీపర్ని. పచ్చిక చాలక పొట్టిగా మిగిలే ఆ మైదానం చివర నిలబడేది నేనే.

"సరే, ఇరవై నాలుగు. అప్పుడు రెండు మీటర్ల నలభై తక్కువ. పది సెంటీమీటర్లు మీకు వదిలేశాను, మిగతాది ఎక్కడినుంచి తెస్తారు?"

పిన్ని చిక్కుడుకాయ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎక్కించడం ఎందుకసలు?" బాబాయి గొంతు పెంచాడు. "ఇన్నేళ్లుగా తివాచీ అంచుకి అంచు ఆనించే కదా పరుస్తున్నాం!"

"తివాచీ అంచులు తిన్నగా ఉంటాయి. ఈ నమూనా చూడండి." కుర్చీ కింద పడున్న పచ్చిక ముక్కలు రెండు తీసి నేలమీద ఆనించాను. మధ్యలో సన్నగా ఎర్ర గచ్చు కనపడింది, ఒక చోట తగులుతూ, ఒక చోట విడిపోతూ. తర్వాత ఒకదానిమీద ఇంకోటి ఎక్కించాను. "ఇలా పెట్టి రెండూ కలిపి ఒకే కోతలో కోస్తే, రెండు అంచులూ ఒకే వంపులో వస్తాయి. కోసిన పీలికలు పోతాయి. కింద పట్టీ వేసి జిగురు పెడితే అతుకు కనపడదు. మీరన్నట్టు ఆనిస్తే ఆ సందులో ఎవరి బూటైనా ఇరుక్కుంటుంది."

"తక్కువైతే తర్వాత ఒకటి తెప్పిద్దాం."

"ఇంకోసారి కలిపిన రంగు ఇదే పచ్చ వస్తుందా? గోల్ గీత వెనక మూడు మీటర్ల అంచులో పచ్చిక అరవై సెంటీమీటర్లే మిగులుతుంది. వెనక్కి దూకితే నా వీపు కంకర మీదే. మీరు దూకుతారా బాబాయ్?"

"అన్నయ్యా, పెద్దా చిన్నా లేకుండా ఎలా మాట్లాడుతోందో చూడు!"

నాన్న చూస్తున్నది నన్ను కాదు, నేలమీది ముక్కల్ని. ఫోన్ మోగింది. బాబాయి స్పీకర్ నొక్కాడు.

"ఎన్ని రోల్స్ సార్? మిషన్ ఎక్కించేస్తున్నాం."

"ఇరవై ఐదు," అన్నాడు బాబాయి.

"ఇరవై ఆరు," అన్నాను నేను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

"ఎవరండీ అది? ఏది రాసుకోమంటారు?"

"చిన్నపిల్ల. పట్టించుకోకండి."

"ఇరవై ఆరు," అన్నాను మళ్లీ. "అతుకులు పోను నూట ఒకటిన్నర వస్తుంది. మిగిలింది కోసేసుకోవచ్చు."

"లోపలికి పోవే," అంది నానమ్మ.

"పోను."

నాన్న గోడ పట్టుకుని లేచాడు. నా భుజం మీద చెయ్యేసి వంటింటి గుమ్మం అవతలికి నెట్టాడు. నెట్టడం గట్టిగానే ఉంది. ఆయన చేతి నూనె నా జాకెట్‌కి అంటింది.

"ఇరవై ఆరు నాన్నా," అన్నాను ఆయన ముఖంలోకే చూస్తూ.

నాన్న తలుపు మీద చెయ్యి ఉంచి, భుజం మీదుగా వెనక్కి బాబాయితో అన్నాడు: "ఒరే, ఇరవై ఆరని చెప్పు. మోకాళ్లమీద కూర్చుని అతికించేది నేను." ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. అది చూసి నా ముఖం మీదే తలుపు వేసేశాడు.